రెండు హాల్ టికెట్లు, ఒకటే తేదీ

హనుమకొండ



చలికాలం సగానికి వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. పిల్లలు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న ఇళ్ల నుంచి, బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు మిగిలిన కుర్రాళ్ల నుంచి, సర్కారు కొలువు కోసం గదుల్లో ఉండి చదువుతున్నవాళ్ల నుంచి దాదాపు ఒకే ప్రశ్న వస్తుంది. "మాస్టారూ, ఒకే రోజు రెండు పరీక్షలు పడ్డాయి. తేదీ మార్చమని ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?" విడివిడిగా జవాబు రాసేకన్నా ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఊళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి ఆ వైపు సంగతులు కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. రెండు పరీక్షలు ఢీకొన్నప్పుడు మనవాళ్లు సాధారణంగా పెద్ద పరీక్ష వాళ్లకే మొదట మొర పెట్టుకుంటారు. ఢిల్లీకి మెయిళ్లు పంపుతారు, హెల్ప్‌లైన్‌కి ఫోన్ మీద ఫోన్ చేస్తారు. అడగాల్సింది పెద్ద పరీక్ష వాళ్లనా చిన్న పరీక్ష వాళ్లనా అన్నది కాదు లెక్క. ఆ రెండింట్లో ఏ పరీక్షకి ఇంకో రోజున కూడా కుర్చీ ఉందో, ఆ కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఉత్తరం వెళ్లాల్సింది ఆ మనిషికే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024లో తెలంగాణ ఇంటర్ ప్రాక్టికల్స్ ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. ఆ ఏడాది జేఈఈ మెయిన్ మొదటి సెషన్‌లో ఇంజనీరింగ్ పేపరు జనవరి 27, 29, 30, 31 తేదీల్లోనూ, ఫిబ్రవరి 1నా జరిగింది. అంటే ఫిబ్రవరి 1 రెండింటికీ ఉమ్మడి రోజు. జనగామలో చదివే ఎంపీసీ అమ్మాయి ఒకతె ఉందనుకోండి. ఆమెకు జేఈఈ వరంగల్‌లో ఫిబ్రవరి 1న పడింది. కాలేజీ నోటీసు బోర్డులో ఫిజిక్స్ ప్రాక్టికల్ మొదటి బ్యాచ్ కూడా ఫిబ్రవరి 1 ఉదయమే, అందులో ఆమె నంబరు ఉంది. ఇప్పుడు ఏం చెయ్యాలి?

జేఈఈని ముందు చూద్దాం. పన్నెండు లక్షలకు పైగా పిల్లలు పేరు నమోదు చేసుకున్న పరీక్ష అది. అన్ని రోజులు, రోజుకి రెండు షిఫ్టులు ఉన్నాయి కాబట్టి పైకి చూస్తే అక్కడే బోలెడు ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా ఏ షిఫ్టులో రాసినా ఆ షిఫ్టులో రాసినవాళ్లతోనే పోల్చి పర్సంటైల్ ఇస్తారు కాబట్టి తేదీ మారినా మార్కుల లెక్కకు ఇబ్బంది లేదు. మరి మార్చరెందుకు? అభ్యర్థి ఎంచుకునేది ఊరిని మాత్రమే. ఏ రోజు, ఏ షిఫ్టు, ఏ సెంటరు అన్నది నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీయే కేటాయిస్తుంది. కంప్యూటర్ల లెక్క, సెంటర్ల లెక్క ఆ కేటాయింపు మీదే నిలబడి ఉంటుంది. అందుకే ఒకసారి ఇచ్చిన తేదీ, షిఫ్టు మార్చమని అడిగితే ఒప్పుకోమని సమాచార బులెటిన్‌లోనే రాస్తారు. బోర్డు పరీక్షతో ఢీకొందని మెయిల్ పెట్టడంలో తప్పులేదు, పెట్టండి. దాని మీద ఆశ పెట్టుకుని చేతులు కట్టుకుని మాత్రం కూర్చోవద్దు.

ఇక ప్రాక్టికల్. ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. ఒక కాలేజీలో ఎంపీసీ పిల్లలు వందమంది ఉన్నారంటే అందరినీ ఒకేసారి ల్యాబ్‌లో కూర్చోబెట్టడం కుదరదు. మీటర్ బ్రిడ్జిలు అన్ని ఉండవు, బ్యూరెట్లు అన్ని ఉండవు. అందుకని బ్యాచ్‌లు వేస్తారు. ఉదయం 9 నుంచి 12 వరకు ఒక బ్యాచ్, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఇంకొకటి. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ సెంటర్‌లో బ్యాచ్‌లన్నీ అయ్యేదాకా ఉంటాడు. ప్రతి బ్యాచ్‌కీ ప్రశ్నలు వేరు, పిల్లలకు వచ్చే ప్రయోగాలు వేరు. ఒకరికి స్క్రూ గేజ్ వస్తే పక్కవాడికి లఘులోలకం, ఇంకొకరికి కుంభాకార కటకం వస్తాయి. అందువల్ల గురువారం రాయాల్సిన పిల్ల శనివారం రాసినంత మాత్రాన రహస్యం బయటపడేదేమీ లేదు. మీరు వెతుకుతున్న ఖాళీ కుర్చీ ఇక్కడుంది. అది ఇవ్వగలిగినవారు ఢిల్లీలో లేరు, మీ ప్రిన్సిపాల్ గదిలోనే ఉన్నారు.

అందుకే జేఈఈ హాల్ టికెట్‌కి ప్రాక్టికల్ అడ్డొస్తే కదిలేది ప్రాక్టికలే. ఇది అధికారులకూ తెలిసిన సంగతే, వింత కోరికేమీ కాదు. అయినా ఏటా కొందరు పిల్లలు ఇబ్బంది పడుతూనే ఉన్నారు. ఎందుకంటే అడగడం ఆలస్యమవుతుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందో చూడండి. జేఈఈ అడ్మిట్ కార్డు పరీక్షకి సుమారు మూడు రోజుల ముందు వస్తుంది. చాలామంది దాని కోసమే ఎదురుచూస్తారు. కానీ దానికన్నా ముందే సిటీ ఇంటిమేషన్ స్లిప్ అని ఒకటి వస్తుంది. సెంటరు పేరు, రిపోర్టింగ్ సమయం అందులో ఉండవు గానీ ఊరూ పరీక్ష తేదీ ఉంటాయి. మీ ఉత్తరానికి ఆ తేదీ చాలు. స్లిప్ వచ్చిన రోజే ప్రింటు తీసి కాలేజీకి వెళ్లాలి. బ్యాచ్‌ల జాబితా ఇంకా కాగితం మీద పెన్సిల్‌తో ఉన్నప్పుడు మీ పేరు మార్చడం ఒక నిమిషం పని. జాబితా ఖరారై, ఎగ్జామినర్ చేతికి వెళ్లాక అదే పని ముగ్గురి సంతకాల వ్యవహారం అవుతుంది.

ఇక చివరి గడువు ఏమిటంటే, ప్రాక్టికల్ మార్కులు ఏ రోజువి ఆ రోజే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. రాని పిల్లల నంబరు ఎదురుగా గైర్హాజరు అని పడుతుంది. అది ఎక్కక ముందు మీరు బ్యాచ్ మారాల్సిన విద్యార్థి. ఎక్కాక ప్రాక్టికల్ తప్పిన విద్యార్థి. ఆ రెంటికీ మధ్య తేడా చాలా ఉంది. తప్పినవాళ్లకు మిగిలే దారి వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. ఫిజిక్స్‌కి 30, కెమిస్ట్రీకి 30 మార్కులు ప్రాక్టికల్స్‌వి. ఎన్ఐటీలో సీటు కోసం జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో చోటో చూస్తారు కాబట్టి ఆ మార్కులు తీసిపారేసేవి కావు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. జనగామ అమ్మాయికి జేఈఈ మధ్యాహ్నం షిఫ్టులో పడిందనుకోండి. ఆ పరీక్ష 3 నుంచి 6 దాకా. ప్రాక్టికల్ ఉదయం 9 నుంచి 12 దాకా. చూడ్డానికి రెండూ ఒకే రోజున పట్టేలా ఉన్నాయి. "పొద్దున ఇది రాసి మధ్యాహ్నం అది రాయమ్మా" అని కాలేజీలో ఎవరో ఒకరు అంటారు కూడా. ఒప్పుకోవద్దు. ల్యాబ్‌లో వైవా అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. జనగామ నుంచి వరంగల్‌కి దాదాపు గంటన్నర ప్రయాణం. జేఈఈ సెంటర్‌లో తనిఖీ, బయోమెట్రిక్ ఉంటాయి. పరీక్షకి అరగంట ముందే గేటు మూసేస్తారు. ఒక్క బస్సు ఆలస్యమైతే ఏడాది చదువు గేటు బయట నిలబడుతుంది. ఉదయం జేఈఈ, మధ్యాహ్నం ప్రాక్టికల్ అయినా ఇదే మాట. కాబట్టి పూట మార్చమని అడగకండి, రోజే మార్చమని అడగండి.

ఇప్పుడు ఉత్తరం. మీరు రాసి పంపే నమూనాలు చూస్తుంటాను. సగం పేజీ కష్టాలు, సగం పేజీ దండాలు ఉంటాయి. ఏ తేదీ, ఏ సబ్జెక్టు, ఏం కావాలి అన్నవి వెతుక్కోవాలి. అవతల ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఆ వారం వందల కాగితాలుంటాయి. ఆయనకు జాలి పుట్టించడం కన్నా ఆయన చెయ్యాల్సిన పనిని తేలిక చెయ్యడం ముఖ్యం. ఇలా రాస్తే చాలు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్ష బ్యాచ్ మార్పు కోసం.

అయ్యా, నేను మన కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. నా హాల్ టికెట్ నంబరు ……. నాకు ఫిజిక్స్ ప్రాక్టికల్ ఫిబ్రవరి 1 ఉదయం బ్యాచ్‌లో ఉంది. అదే రోజున వరంగల్‌లో నాకు జేఈఈ మెయిన్ పరీక్ష ఉంది. సిటీ స్లిప్ ప్రతి జత చేశాను. అడ్మిట్ కార్డు రాగానే దాని ప్రతి కూడా ఇస్తాను.

మన సెంటర్‌లో ఫిబ్రవరి 2 తర్వాత జరిగే ఫిజిక్స్ బ్యాచ్‌లలో ఏ రోజైనా, ఏ పూటైనా నాకు అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్ తేదీ మార్చనవసరం లేదు.

మార్చిన తేదీ వివరం రాసి, ఈ దరఖాస్తు రెండో ప్రతిపై సంతకం చేసి ఇవ్వగలరని మనవి.

ఇట్లు, విద్యార్థిని సంతకం, తండ్రి లేదా తల్లి సంతకం, ఫోన్ నంబరు."

ఇందులో మూడు మాటలు ఊరికే పెట్టలేదు. మొదటిది, "ఏ రోజైనా, ఏ పూటైనా". నాకు ఫలానా శనివారమే కావాలి అంటే ఆ బ్యాచ్ నిండిపోయి ఉండొచ్చు, అక్కడితో కాగితం పక్కకు పోతుంది. ఎక్కడ వీలైతే అక్కడ వేయమంటే కాదనడానికి కారణం దొరకదు. రెండోది, కెమిస్ట్రీ మార్చనవసరం లేదన్న మాట. అది రాయకపోతే గుమాస్తా రెండు సబ్జెక్టులూ కదిపేసి, కదిపిన కెమిస్ట్రీ ఇంకోదానికి అడ్డొచ్చే ప్రమాదం ఉంది. మూడోది, సంతకంతో రెండో ప్రతి. "సరేనమ్మా, రా, చూద్దాం" అని నోటితో అన్న మాట పరీక్ష రోజున ల్యాబ్ గుమ్మం దగ్గర చెల్లదు. అక్కడ ఉండే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి మీరెవరో తెలియదు. తన జాబితాలో లేని నంబరుతో ఒక పిల్ల వచ్చి నిలబడితే ఆయన చూసేది కాగితాన్నే. నేనూ అదే చూసేవాణ్ణి.

ప్రాక్టికల్ సెంటరు మీ కాలేజీలో కాక మరో కాలేజీలో పడితే దరఖాస్తు మీ ప్రిన్సిపాల్ ద్వారా ఆ సెంటరు ప్రిన్సిపాల్‌కి వెళ్లాలి. మీరే నేరుగా వెళ్లి అడిగితే "మీ ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి లెటర్ తెచ్చుకో" అని తిప్పి పంపుతారు. ఇంకొక కష్టం కూడా ఉంది. మీ బ్యాచ్ ఆ సెంటర్‌లో చివరి బ్యాచ్ అయితే, మరుసటి రోజుకి ఎగ్జామినర్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయి ఉంటాడు. అప్పుడు తర్వాతి విడతలో పరీక్షలు జరిగే వేరే సెంటర్‌లో రాయాల్సి వస్తుంది. అది ప్రిన్సిపాల్ స్థాయిలో తేలదు, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి అనుమతి కావాలి. అందుకే ఎవరి బ్యాచ్ చివర్లో పడిందో వాళ్లు మిగతావాళ్ల కన్నా ముందే కదలాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ దారి ఇదే. ముందు కాలేజీ, అక్కడ తేలకపోతే జిల్లా.

బీటెక్ పిల్లల ఉత్తరాలకు వస్తాను. వీళ్ల ఇబ్బంది వేరే రకం. రెండు పరీక్షలూ ఒకే యూనివర్సిటీవి. మూడో ఏడాది రెగ్యులర్ పేపరు, రెండో ఏడాదిలో మిగిలిపోయిన సప్లిమెంటరీ పేపరు ఒకే పూట పడతాయి. యూనివర్సిటీలు ఇది జరగకుండా ఒక సంవత్సరం వాళ్లకి ఒక రోజు, ఇంకొకరికి మరో రోజు, లేదా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి అని సర్దుతాయి. అయినా మధ్యలో చదువు ఆపి మళ్లీ చేరినవాళ్లకు, పాత రెగ్యులేషన్ సబ్జెక్టు బదులు కొత్త రెగ్యులేషన్ సబ్జెక్టు రాయాల్సినవాళ్లకు ఆ సర్దుబాటు అందదు. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు లక్షమంది పిల్లల్ని చూసి వేస్తారు. ఏ నలుగురైదుగురి దగ్గరో రెండు రెగ్యులేషన్లు కలుస్తాయి. అది వాళ్ల కంటికి కనబడదు.

హైదరాబాద్ జేఎన్‌టీయూ టైమ్‌టేబుళ్లు ఎప్పుడైనా కింది దాకా చదివారా? తేదీల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది. ఈ టైమ్‌టేబుల్‌లో ఏవైనా సబ్జెక్టులు వదిలేసి ఉన్నా, పరీక్షలు ఒకదానితో ఒకటి ఢీకొన్నా వెంటనే పరీక్షల నియంత్రణాధికారికి తెలియజేయండి అని దాని సారాంశం. పిల్లల్లో చాలామంది తేదీలు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, ఆ గమనిక జోలికే పోరు. అంటే యూనివర్సిటీయే అడగమంటోంది. మీరు బతిమాలుకుంటున్నది కాదు, వాళ్లు అడిగిన సమాచారం ఇస్తున్నారు. మీ దరఖాస్తు కూడా ఆ ధోరణిలోనే ఉండాలి.

అందులో ఉండాల్సినవి: హాల్ టికెట్ నంబరు, చేరిన సంవత్సరం, రెగ్యులేషన్, ఢీకొన్న రెండు సబ్జెక్టుల పేర్లు, కోడ్‌లు, తేదీ, పూట. సబ్జెక్టు కోడ్ మరచిపోవద్దు. ఒకే పేరుతో రెండు రెగ్యులేషన్లలో రెండు సబ్జెక్టులుంటాయి, యూనివర్సిటీలో మనిషి చూసేది కోడ్‌నే. దీన్ని మీ కాలేజీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ ద్వారా పంపించండి. అదే సమస్య ఉన్న ఇంకో ఇద్దరు దొరికితే అందరి నంబర్లూ ఒకే కాగితం మీద పెట్టండి. ఇక్కడ అడిగేది ఒకరి కోసమే అయినా, మారితే పేపరు తేదీ అందరికీ మారాలి. థియరీ పేపరుకి బ్యాచ్‌లుండవు కదా. అందుకని టైమ్‌టేబుల్ కొత్తగా వెలువడిన రోజుల్లో చెబితే సవరించిన టైమ్‌టేబుల్ వచ్చే వీలుంటుంది. హాల్ టికెట్లు ఇచ్చాక చెబితే ఆ వీలు దాదాపు పోయినట్టే.

మారకపోతే? అప్పుడు ఏది రాయాలో లెక్క వేసుకోండి. రెగ్యులర్ పేపరు వదిలితే అది కొత్త బ్యాక్‌లాగ్ అవుతుంది. పాతది వదిలితే ఉన్న బ్యాక్‌లాగ్ ఇంకో ఆరు నెలలు మోస్తారు. అందువల్ల మామూలుగా రెగ్యులర్‌దే రాయమంటాను. కానీ పై ఏడాదికి వెళ్లడానికి కావాల్సిన కనీస క్రెడిట్లకు మీరు అంచు మీద ఉంటే ఆ లెక్క తలకిందులు కావచ్చు. ఏ పేపరు క్రెడిట్లు మిమ్మల్ని గట్టెక్కిస్తాయో చూసుకుని దాన్నే రాయండి.

థియరీ పేపరుకి బ్యాచ్‌లుండవన్న మాట ఇంకాస్త విప్పి చెప్పాలి. ఎందుకంటే కొందరు తల్లిదండ్రులు "మా వాడికి ఒక్కడికి మ్యాథ్స్ పేపరు మర్నాడు పెట్టలేరా?" అని అమాయకంగా అడుగుతారు. పెట్టలేరు. ప్రశ్నపత్రాల కట్టలు పోలీసు స్టేషన్‌లో భద్రంగా ఉండి, ఆ ఉదయం సెంటర్‌కి వస్తాయి. పరీక్ష అయిన గంటలోనే పేపరు ఊరంతా తిరుగుతుంది. మర్నాడు ఒక్కడి కోసం అదే పేపరు ఇస్తే అది పరీక్ష కాదు. వేరే పేపరు ఇస్తే, ఒక్కడి కోసం కొత్త పేపరు తయారు చేసి అచ్చు వేయించాలి. అది తేలికో కష్టమో అని మిగతా లక్షలమంది అడుగుతారు. అందుకే థియరీ పరీక్ష కదిలితే అందరికీ కదులుతుంది, లేకపోతే ఎవరికీ కదలదు.

అందరికీ కదిలినప్పుడు ఎలా ఉంటుందో 2022లో మనం కళ్లారా చూశాం. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షలు ఏప్రిల్ 8 నుంచి అన్నారు, తెలంగాణవి ఏప్రిల్ 20 నుంచి అన్నారు. మార్చి మొదట్లో జేఈఈ మెయిన్ ఏప్రిల్ 16 నుంచి 21 దాకా అని ప్రకటన వచ్చింది. ఇంటర్ పరీక్షల నడిమధ్యన పడింది. రెండు రాష్ట్రాల బోర్డులూ తమ పరీక్షల్ని ఏప్రిల్ 22కి జరిపాయి. హమ్మయ్య అనుకునేలోగా మార్చి మధ్యలో జేఈఈ తేదీలు ఏప్రిల్ 21, 24, 25, 29, మే 1, 4 అని మారిపోయాయి. మళ్లీ ఇంటర్ మీదే పడింది. రెండు బోర్డులూ మళ్లీ మే 6కి జరిపాయి. ఆ తర్వాత ఏప్రిల్ మొదటి వారంలో జేఈఈ ఏకంగా జూన్ 20కి వెళ్లిపోయింది. అంటే చివరికి, ఏప్రిల్‌లో ఇంటర్ రాయడానికి అడ్డే లేదు. కానీ అప్పటికి ఇంటర్ మే ఎండల్లోకి వెళ్లిపోయింది.

ఆ నెల పైచిలుకు రోజుల్లో ఒక్క పిల్లవాడి దరఖాస్తుతో జరిగింది ఏదీ లేదు. బోర్డులు, టెస్టింగ్ ఏజెన్సీ తమ తమ లెక్కలతో కదిలాయి. ఒకరి కదలిక చూసి ఇంకొకరు కదిలారు. థియరీ పరీక్షలు ఢీకొన్నప్పుడు ఒంటరిగా బోర్డుకి రాసే ఉత్తరం మీద కాలం పెట్టొద్దు అంటున్నాను. కాలేజీల ద్వారా, జిల్లా అధికారుల ద్వారా ఎంతమందికి ఇబ్బంది అన్న సంఖ్య పైకి వెళ్తే దానికి విలువ ఉంటుంది. పిల్లలు మాత్రం తేదీ మారుతుందని పుస్తకం మూయకుండా, మొదట ప్రకటించిన తేదీకే సిద్ధంగా ఉండాలి. 2022లో నా దగ్గరికి వచ్చే పిల్లలకు అదే చెప్పాను. తేదీ వెనక్కి వెళ్తే చదివింది ఎక్కడికీ పోదు.

చివరగా ఉద్యోగ పరీక్షలు. ఇక్కడ రెండు పరీక్షలూ కదలవు. 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో తెలంగాణ గ్రూప్-2 జరిగింది. రైల్వే జూనియర్ ఇంజనీర్ మొదటి దశ కంప్యూటర్ పరీక్ష డిసెంబర్ 16నే మొదలైంది. రెండూ దరఖాస్తు చేసినవాళ్లు ఇబ్బంది పడ్డారు. గ్రూప్-2 వాయిదా వేయమని కొందరు హైకోర్టుకి వెళ్లారు, కోర్టు ఒప్పుకోలేదు. ఐదున్నర లక్షలమంది దరఖాస్తు చేసిన, అప్పటికే పలుసార్లు వాయిదా పడిన పరీక్ష అది. కొందరి కోసం మళ్లీ ఆపితే మిగతావాళ్లకి ఏం చెబుతారు?

ఇలాంటి చోట వ్రాతపూర్వకంగా అడగడం మానొద్దు గానీ, రెండు సంగతులు గుర్తుంచుకోండి. రైల్వే పరీక్ష అనేక షిఫ్టులది కాబట్టి అందరికీ 16వ తేదీయే పడదు. పరీక్షకి పది రోజుల ముందు సిటీ సమాచారం వస్తుంది, అందులో మీ తేదీ చూసుకున్నాకే ఢీకొందో లేదో తేల్చండి. నిజంగా ఢీకొంటే, గ్రూప్-2లో నాలుగు పేపర్లున్నాయి, ఒక్క పేపరుకి వెళ్లకపోయినా లెక్కలోంచి తప్పుకున్నట్టే. అందుకని "మొదటి రోజు గ్రూప్-2, రెండో రోజు రైల్వే" అన్న సర్దుబాటు పనికిరాదు, రెంట్లో ఒకదాన్ని పూర్తిగా వదిలేసినట్టు అవుతుంది. మీరు దేనికి ఎక్కువ సిద్ధంగా ఉన్నారో ఆ పరీక్షకే వెళ్లండి. నిర్ణయం ముందే తీసుకుంటే మిగిలిన రోజులన్నీ ఒక్క సిలబస్ మీద పెట్టొచ్చు. ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ మారని తేదీ మీద మనసు పెట్టుకుని రెండు సిలబస్‌లూ సగం సగం చదివినవాళ్లని చాలామందిని చూశాను.

ఈ వారం మీ ఇంట్లో హాల్ టికెట్లు ఉంటే ఒక పని చెయ్యండి. అన్నీ టేబుల్ మీద పరిచి, తేదీలూ పూటలూ ఒక తెల్లకాగితం మీద వరసగా రాయండి. ఇంకా రాని అడ్మిట్ కార్డు స్థానంలో సిటీ స్లిప్‌లో ఉన్న తేదీ రాయండి. ఎక్కడ రెండు ఒకే గడిలో పడ్డాయో కనబడుతుంది. వాటిలో ప్రాక్టికల్ ఉంటే రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్లండి. రెండూ యూనివర్సిటీవైతే సబ్జెక్టు కోడ్‌లతో ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి వెళ్లండి. రెండూ థియరీలో, ఉద్యోగ పరీక్షలో అయితే అర్జీ ఒకటి పెట్టి, చదువు ఆపకండి. మీరు రాసిన దరఖాస్తు సరిగా ఉందో లేదో చూడమంటే నాకు పంపండి, హాల్ టికెట్ నంబరు చెరిపేసి పంపండి. చూసి రాస్తాను.

ఇట్లు,
మీ ఫిజిక్స్ మాస్టారు